అతికించిన ఫొటోకు కొత్త ఎండ

స్టూడియోలో తీసిన ఫొటోను కత్తిరించి విశాఖ ఆర్కే బీచ్ ఉదయం మీద పెడితే, అంచులు ఎంత శుభ్రంగా వచ్చినా అతుకని ఇట్టే తెలిసిపోతుంది. ఇసుకలో నీడలన్నీ కుడివైపుకు సాగి ఉంటాయి. ముఖం మీద మాత్రం రెండు చెంపలకూ ఒకటే వెలుగు. రంగులు సరిచేసినంత మాత్రాన ఈ తేడా పోదు. ముఖంలోని ఎత్తుపల్లాలు సాఫ్ట్‌వేర్‌కు తెలియాలి. నార్మల్ మ్యాప్, డెప్త్ మ్యాప్ చెప్పేవి అవే.

చర్మంలోని ప్రతి చుక్కా ఏ దిక్కుకు తిరిగి ఉందో నార్మల్ మ్యాప్ రంగుల్లో రాస్తుంది. ఎరుపు కుడి ఎడమలను, ఆకుపచ్చ పైకిందులను, నీలం కెమెరా వైపును చెబుతాయి. నేరుగా కెమెరాకేసి ఉన్న చోట విలువలు 128, 128, 255. అందుకే ఈ మ్యాప్ లేత ఊదాగా కనిపిస్తుంది.

మన బీచ్ ఫొటోలో సూర్యుడు కెమెరా గీతకు 60 డిగ్రీలు ఎడమగా ఉన్నాడనుకుందాం. చర్మం తిరిగి ఉన్న దిక్కుకు, సూర్యుడి దిక్కుకు మధ్య కోణం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కెమెరాకేసి ఉన్న నుదుటికి సగం వెలుగే అందుతుంది. ఎడమకు 40 డిగ్రీలు తిరిగిన చెంపకు కోణం 20 డిగ్రీలే కాబట్టి 94 శాతం అందుతుంది. కుడికి అంతే తిరిగిన చెంపకు ఎండే తగలదు. అక్కడ ఆకాశపు నీలి వెలుగును కొద్దిగా కలపాలి, లేకపోతే మసిలా నల్లబడుతుంది.

ముక్కు పక్కనే కుడివైపు 10 డిగ్రీలు తిరిగిన చర్మం సంగతి వేరు. లెక్క ప్రకారం దానికి 34 శాతం వెలుగు రావాలి. కానీ నిజానికి ముక్కు అడ్డుగా ఉంటుంది. దిక్కు మాత్రమే తెలిసిన నార్మల్ మ్యాప్‌కు ఆ అడ్డు కనిపించదు. ఏది ముందుకు ఉందో, ఏది లోపలికి ఉందో చెప్పే డెప్త్ మ్యాప్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ చుక్క నుంచి సూర్యుడి వైపు గీత గీసి, దారిలో ముక్కు తగిలితే సాఫ్ట్‌వేర్ అక్కడ నీడ వేస్తుంది. మెడ మీద గడ్డం నీడ కూడా ఇలాగే వస్తుంది.

ఒక్క ఫొటో నుంచి ఊహించిన డెప్త్‌కు చాలాసార్లు కొలత ఉండదు, దగ్గర దూరాల వరుసే ఉంటుంది. లోతు ఎక్కువ పెడితే ముక్కు నీడ చెవి దాకా సాగుతుంది, తక్కువ పెడితే మాయమవుతుంది. ఎండ పైనుంచి పెట్టినా గడ్డం కింద మెరుస్తుంటే, ఆకుపచ్చ చానెల్ తలకిందులైందని అర్థం. దాన్ని తిప్పేస్తే సరిపోతుంది. జుట్టు పాయలు, కళ్లద్దాల దగ్గర రెండు మ్యాపులూ తప్పుతాయి. అక్కడ చేత్తో దిద్దాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం మొదటి ఫొటో. అందులో అప్పటికే గట్టి నీడలుంటే వాటి మీదే కొత్త నీడలు పడి, ముఖానికి ఇద్దరు సూర్యులు కనిపిస్తారు. అతికించాలనుకున్న ఫొటోను నీడలు పడని మెత్తటి వెలుగులోనే తీయండి.