తాళం తీసినా కరెంటు తాగే బండి

బెల్లంపల్లి స్టేషన్ దగ్గర బైకు పెట్టి రైలెక్కి, పది రోజులకు తిరిగొస్తే సెల్ఫ్ ‘టక్’మని ఊరుకుంటుంది. కిక్ లేని బండైతే ఇక నెట్టుడే. తాళం తీశాక కూడా గడియారం, అలారం, జీపీఎస్ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. ఎంత తాగుతున్నాయో మామూలు మల్టీమీటర్‌తో కొలవచ్చు.

మీటర్ మధ్యలో ఉండాలి
బ్యాటరీ కొనల మీద వోల్టులు చూస్తే అది ఎంత నిండుందో తెలుస్తుంది గానీ, ఎంత పోతోందో తెలియదు. పోయే కరెంటు మీటర్ గుండానే పోవాలి. అందుకే తాళం తీసి, మైనస్ కేబుల్ విప్పి, మీటర్ ఎర్ర వైరును ఆ కేబుల్‌కు, నల్ల వైరును బ్యాటరీ మైనస్‌కు తగిలిస్తారు. మైనస్సే ఎందుకంటే, ప్లస్ విప్పేటప్పుడు పానా ఫ్రేముకు తగిలితే నిప్పులు రాలుతాయి.

0.00 అంటే సున్నా కాదు
మొదట 10 యాంపియర్ల రంధ్రంతోనే చూడాలి. చవక మీటర్ ఆ రేంజిలో 10 మిల్లీ యాంపియర్ల కంటే తక్కువను చూపలేదు. అందుకే అంకె చిన్నగా ఉంటే ఎర్ర వైరును మిల్లీ యాంపియర్ల రంధ్రంలోకి మార్చి, 200 మిల్లీ యాంపియర్ల రేంజికి మారాలి. అక్కడ 24 వచ్చిందనుకుందాం. బైకు బ్యాటరీ 5 యాంపియర్ అవర్లదైతే 5000ని 24తో భాగించండి: సుమారు 208 గంటలు, ఎనిమిదిన్నర రోజులు. సగం ఖాళీ అయ్యేసరికే సెల్ఫ్ మొరాయించవచ్చు, అంటే నాలుగు రోజులే! తర్వాత బయట బిగించుకున్న జీపీఎస్ ఫ్యూజు పీకితే అంకె 1కి పడిందంటే కారణం అదే. పడకపోతే మిగతా ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూడాలి.

మీటర్ మధ్యలో ఉండగా తాళం తిప్పకండి, సెల్ఫ్ అసలే నొక్కకండి. లోపలి ఫ్యూజు పోతుంది. ఇంకా పెద్ద ప్రమాదం పని అయ్యాక ఉంటుంది. ఎర్ర వైరును 10 యాంపియర్ల రంధ్రంలోనే మరచి, వోల్టులు చూద్దామని బ్యాటరీ రెండు కొనలకు పెడితే నేరుగా షార్టే. చాలా చవక మీటర్లలో ఆ రంధ్రానికి ఫ్యూజే ఉండదు.

కారుకు నిద్రపట్టాలి
కారులో కేబుల్ విప్పి మీటర్ కలపగానే లోపలి కంప్యూటర్లు మేల్కొంటాయి, అంకె యాంపియర్లలో కనిపిస్తుంది. కంగారొద్దు. తలుపులు వేసి, అరగంట ఆగి చూడండి. 50 మిల్లీ యాంపియర్ల లోపుంటే సాధారణంగా బాగున్నట్టే.

మీటర్ కంటపడని కారుడు
అంకె బాగానే ఉన్నా బ్యాటరీ దిగిపోతోందా? దాని నెత్తి చూడండి. బొగ్గు దుమ్ముకు యాసిడ్ తడి కలిస్తే కొన నుంచి కొనకు కరెంటు పైపైనే పారుతుంది, మన మీటర్ దారిలోకి రాదు. మీటర్‌ను వోల్టులకు మార్చి, ఎర్ర వైరును కూడా వోల్టుల రంధ్రంలోకి మార్చి, నల్ల వైరును మైనస్ మీద ఉంచి, ఎర్ర మొనను ప్లాస్టిక్ డబ్బా మీద జరిపి చూడండి. వోల్టులు కనిపిస్తే తినే సోడా కలిపిన నీళ్లతో, మూతల్లోకి పోకుండా, తుడవాలి.