హారం సున్నాకు చేరుతున్నప్పుడు గుర్తు చూడాలి

నాభ్యంతరం 10 సెంటీమీటర్లున్న భూతద్దం ముందు ఒక కొవ్వొత్తి పెట్టామనుకుందాం. అద్దానికీ కొవ్వొత్తికీ మధ్య దూరాన్ని u అంటే, ప్రతిబింబం ఏర్పడే దూరం v = 10u/(u − 10). ఇక్కడ u ఎప్పుడూ ధన సంఖ్యే. v ధనమైతే ప్రతిబింబం అద్దానికి అవతలి వైపు తెర మీద పడుతుంది. రుణమైతే కొవ్వొత్తి ఉన్న వైపే మిథ్యా ప్రతిబింబం ఏర్పడుతుంది. అది కంటికి కనిపిస్తుందే తప్ప తెర మీద పట్టలేం.

కొవ్వొత్తిని సరిగ్గా 10 దగ్గర పెడితే లవం 100, హారం 0. ఆ భాగహారానికి విలువ లేదు. చాలామంది పిల్లలు ఇక్కడే ‘జవాబు అనంతం’ అని రాసి ఊరుకుంటారు. అసలు ప్రశ్న అప్పుడే మొదలవుతుంది: ధన అనంతమా, రుణ అనంతమా?

కొవ్వొత్తిని 10.1 దగ్గరికి తెస్తే హారం 0.1, ప్రతిబింబం 1010 సెంటీమీటర్ల దూరంలో, అంటే పది మీటర్లు దాటి పడుతుంది. 10.01కి తెస్తే వంద మీటర్లు దాటిపోతుంది. ఇప్పుడు 10కి ఇవతల, 9.9 దగ్గర పెట్టి చూడండి. హారం −0.1, v = −990. 9.99 దగ్గర −9990. కుడి నుంచి వస్తే +∞, ఎడమ నుంచి వస్తే −∞. రెండు వైపులా ఒకే దారి పట్టలేదు కాబట్టి 10 దగ్గర అవధి లేదు. గ్రాఫులో u = 10 అనే నిలువు గీతను ఆనుకుని రేఖ ఒక పక్క పైకి, మరో పక్క కిందికి పోతుంది. ఆ గీతే నిలువు అనంతస్పర్శరేఖ.

నిజానికి ఇన్ని లెక్కలు అక్కర్లేదు. 10 చుట్టుపక్కల లవం దాదాపు 100, ధనమే. గుర్తు మార్చేది హారం ఒక్కటే. అందుకే లవం గుర్తు, ఆ వైపు నుంచి హారం గుర్తు చూస్తే చాలు. హారం (u − 10)² అయి ఉంటే వర్గం వల్ల రెండు వైపులా ధనమే, రెండు వైపులా +∞. లవం కూడా సున్నా అయితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. (x² − 100)/(x − 10)లో ఉమ్మడి కారణాంకం కొట్టేస్తే x + 10 మిగులుతుంది. 10 దగ్గర అవధి 20, అక్కడ అనంతస్పర్శరేఖే లేదు.

గుర్తు కోసం ఎంచుకునే సంఖ్య కూడా దగ్గరిదై ఉండాలి. (x − 2.5)/(x − 2)లో 2కి కుడివైపు చూడాలని 3 వేస్తే 0.5 వస్తుంది, +∞ అనిపిస్తుంది. కానీ 2కీ 3కీ మధ్య, 2.5 దగ్గర లవం గుర్తు మారిపోయింది. 2.1 వేస్తే −4, 2.01 వేస్తే −49. సరైన జవాబు −∞.