ఆఫీసు వేళలు మారుతున్నాయని ఎలా చెప్పాలి?

విజయవాడలోని ఒక టోకు వ్యాపార సంస్థ ఆఫీసు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు పనిచేస్తోందనుకుందాం. ఇకపై 9 నుంచి 5 వరకు నడపాలని యాజమాన్యం నిర్ణయించింది. ఈ సంగతి సిబ్బందికి చెప్పే సర్క్యులర్ ఆరు వాక్యాలకు మించనక్కర్లేదు. అయితే ఆ ఆరూ సూటిగా ఉండాలి.

ఎక్కువ సర్క్యులర్లు కారణం దగ్గరే తడబడతాయి. ‘పరిపాలనా కారణాల వల్ల’ అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఆ ఖాళీని పుకార్లు నింపుతాయి. జీతాలు తగ్గిస్తారేమో, ఎవరినో సాగనంపుతారేమో అని క్యాంటీన్‌లో మాటలు మొదలవుతాయి. ఉన్న కారణం ఉన్నట్టు చెప్పేయడమే మేలు.

ఇక తేదీ. ‘వచ్చే వారం నుంచి’ అని రాస్తే, సెలవులో ఉండి నాలుగు రోజుల తర్వాత చదివినవారు ఏ వారం అనుకోవాలి? తేదీతో పాటు వారం పేరు కూడా రాయాలి. రెండూ కలవకపోతే పొరపాటు అక్కడే బయటపడుతుంది.

నమూనా ఇలా ఉంటుంది:

*తేదీ: 08-05-2026*
*విషయం: ఆఫీసు పనివేళల మార్పు*
*జూన్ 1, 2026, సోమవారం నుంచి మన ఆఫీసు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు పనిచేస్తుంది. భోజన విరామం యథాప్రకారం 1 నుంచి 1.30 వరకు. సాయంత్రం వేసిన బిల్లుల సరుకు ఆ రోజు లారీకి అందక మరునాటికి ఆగిపోతోంది. అందుకే గంట ముందు పని మొదలుపెడుతున్నాం. మొత్తం పనిగంటల్లో, జీతాల్లో మార్పు లేదు. రాకపోకల ఇబ్బందులుంటే మే 20లోగా హెచ్ఆర్ మేనేజర్‌ను ఎక్స్‌టెన్షన్ 214లో సంప్రదించండి.*

మే 8న ఇచ్చి జూన్ 1 దాకా ఆగడానికి చట్టపరమైన కారణం ఉంది. కార్మికుల నిర్వచనంలోకి వచ్చే ఉద్యోగుల పనివేళలు, విరామ సమయాలు మార్చాలంటే సాధారణంగా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 9ఎ చెప్పింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ గడువు అలాగే ఉంది. ఈ నోటీసుకు నిర్ణీత పద్ధతి ఉంది కాబట్టి సర్క్యులర్ ఒక్కటే సరిపోతుందనుకోకూడదు. మేనేజర్లకు ఈ నిబంధన వర్తించకపోయినా అందరికీ ఒకే గడువు ఇవ్వడం న్యాయం.

సంప్రదించాల్సిన వ్యక్తి విషయంలో జరిగే పొరపాటు వేరు. హోదా, నంబరు రాస్తారు గానీ ఆ మనిషికి నిర్ణయాధికారం ఉండదు. పిల్లల్ని బడిలో దింపి 9.30కు గానీ రాలేనని ఒక ఉద్యోగిని ఫోన్ చేస్తే, ‘పైవాళ్లను అడగండి’ అనే జవాబు వస్తుంది. అరగంట సడలింపు ఇచ్చే అధికారం ఉన్నవారినే ఆ స్థానంలో పెట్టాలి. వారు సెలవు పెడితే ఎవరిని అడగాలో కూడా రాయాలి.

సర్క్యులర్ నోటీసు బోర్డుకు ఎక్కేలోగా బయోమెట్రిక్ యంత్రం నిర్వహించేవారికి కూడా కబురు వెళ్లాలి. అందులో పాత వేళలే ఉంటే, జూన్ 1న సాయంత్రం 5కు ఇంటికి వెళ్లిన ప్రతి ఒక్కరూ గంట ముందే వెళ్లిపోయినట్టు నమోదవుతుంది.