జారితేనే వంగే తోక

ఇంటర్మీడియెట్‌లో జువాలజీ చదివినవాళ్లంతా ఈ బొమ్మ వేసే ఉంటారు. ఒక పెద్ద వలయం, దాని అంచు వెంట తొమ్మిది జంట సున్నాలు, నడిమధ్యన రెండు ఒంటి సున్నాలు. పక్కన ‘9+2’ అని రాసి భాగాలు గుర్తిస్తే మార్కులు పడతాయి. శైలికను గానీ కశాభాన్ని గానీ అడ్డంగా కోస్తే కనిపించే దృశ్యం అది. పేరమీషియం ఒంటి మీది శైలికలోనూ, మన శ్వాసనాళం గోడ మీది శైలికలోనూ, వీర్యకణం తోకలోనూ అదే అమరిక. పొడవుల్లోనే తేడా. శ్వాసనాళంలో అది ఆరేడు మైక్రాన్లు, మనిషి వీర్యకణంలో యాభై మైక్రాన్ల దాకా ఉంటుంది. లోపలి నాళికల కట్ట అడ్డుకొలత మాత్రం ఎక్కడ చూసినా 0.2 మైక్రాన్ల దగ్గరే ఉంటుంది.

ఆ బొమ్మ చెప్పనిది ఒకటుంది. ఈ కట్ట వంగుతుంది. మన శ్వాసనాళంలో ఒక్కో శైలిక సెకనుకు పదిసార్లకు పైగా వంగి లేస్తూ, పీల్చిన దుమ్మును, సూక్ష్మజీవులను కఫంతో పాటు గొంతు వైపు నెడుతుంది. కండరం లేదు, కీలు లేదు. మరి వంచేది ఏది? శాస్త్రవేత్తలకు ఈ జవాబు దొరకడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

అసలు ఆ బొమ్మ కంటికి కనిపించిందే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చాక. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త ఐరీన్ మాంటన్, తన సహచరుడు క్లార్క్‌తో కలిసి 1952లో స్ఫాగ్నమ్ అనే నాచుమొక్క పుంబీజాల కశాభాలను చూసి, చుట్టూ తొమ్మిది, మధ్యలో రెండు పోగులున్నాయని స్పష్టంగా చూపారు. రెండేళ్లకు అమెరికాలో ఫాసెట్, పోర్టర్ జంతుకణాల శైలికల్లోనూ అదే అమరికను చూశారు. నాచులోనూ మనిషిలోనూ ఒకే కట్ట ఉందంటే, ఇది పరిణామంలో ఎంతో పాతకాలం నుంచి వస్తున్న యంత్రమని అర్థమైంది. కానీ కదలిక గురించి ఆ చిత్రాలు ఏమీ చెప్పలేదు.

1959లో స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ అఫ్జేలియస్ సముద్రపు అర్చిన్ వీర్యకణాలను కొత్త పద్ధతిలో స్థిరీకరించి చూశాడు. పాత చిత్రాల్లో మసకగా ఉన్న చోట ఆయనకు వివరాలు దొరికాయి. అంచునున్న ప్రతి జంటలోనూ ఒకటి పూర్తి నాళిక, రెండోది దానికి అతుక్కుని ఉన్న అసంపూర్ణ నాళిక. పూర్తి నాళిక నుంచి రెండు పొట్టి చేతులు పక్క జంట వైపు చాచి ఉన్నాయి. తొమ్మిది జంటల చేతులూ ఒకే దిశలో, వలయం చుట్టూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. జంటల నుంచి మధ్య నాళికల వైపు స్పోకులు సాగాయి. పక్కపక్క జంటలను కలుపుతూ సన్నని లంకెలున్నాయని తర్వాతి పనిలో తేలింది. వాటి పేరు నెక్సిన్.

ఆ చేతులే మోటార్లని నిరూపించినవాడు ఇయన్ గిబ్బన్స్. 1963లో హార్వర్డ్‌లో ఆయన టెట్రాహైమీనా అనే ఏకకణ జీవి శైలికలను వేరుచేసి, పైపొరను కరిగించి, ద్రావణపు లవణాలను మార్చాడు. చేతులు ఊడి ద్రావణంలో కలిసిపోయాయి. సూక్ష్మదర్శినిలో జంటలు మొండిగా కనిపించాయి. ఏటీపీని విడగొట్టి శక్తిని విడుదల చేసే గుణంలో ఎక్కువ భాగం నాళికల్లో మిగలలేదు, ఊడిన ఆ ప్రొటీనుతో వెళ్లిపోయింది. తిరిగి మెగ్నీషియం కలిపితే చేతులు మళ్లీ తమ చోట అతుక్కున్నాయి. ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవడానికి ఇంతకంటే సూటి ప్రయోగం ఉండదు. దాన్ని తీసేసి చూడాలి, తిరిగి పెట్టి చూడాలి. 1965లో ఆ ప్రొటీనుకు డైనీన్ అని పేరు పెట్టారు.

మోటారు దొరికింది. అది చేసే పని ఏమిటన్నది మిగిలింది. నాళికలు ఒక వైపున కుంచించుకుపోతున్నాయా, లేక పొడవు మారకుండా ఒకదాని పక్కన ఒకటి జారుతున్నాయా? కండరంలో తంతువులు జారుతాయని 1954లోనే తేలింది కాబట్టి ఈ ప్రశ్న అప్పటికి గాలిలో ఉంది.

మీ చేతిలో ఒక నోటు పుస్తకం ఉంటే దాన్ని ఒక చివర గట్టిగా పట్టుకుని వంచి చూడండి. రెండో చివర కాగితాలు మెట్లుగా జరుగుతాయి. ఏ కాగితమూ పొట్టి కాలేదు, లోపలి వంపులోనివి మాత్రం ముందుకు పొడుచుకొచ్చాయి. శైలికలోనూ జారడమే నిజమైతే, దాని కొనలోనూ ఇలాంటి మెట్లు కనిపించాలి. పీటర్ సాటిర్ వెతికింది సరిగ్గా దీనినే. మంచినీటి ఆల్చిప్ప మొప్పల మీద శైలికలు అలలుగా కొట్టుకుంటాయి. వాటిని ఉన్నట్టుండి స్థిరీకరిస్తే కొన్ని ముందుకు వంగి, కొన్ని వెనక్కి వంగి ఆగిపోతాయి. సాటిర్ 1960లలో వాటి కొనల దగ్గర పలచటి కోతలు కోసి, ఏ జంట ఎంత దూరం వరకు ఉందో లెక్కపెట్టాడు. ముందుకు వంగినప్పుడు ఒక వైపు జంటలు పొడుచుకొచ్చాయి, వెనక్కి వంగినప్పుడు అవతలి వైపువి పొడుచుకొచ్చాయి. నాళికల పొడవు మారలేదన్నమాట.

ఆ జారుడు ఎంతో మనమే లెక్క కట్టవచ్చు. వంపు కోణాన్ని రేడియన్లలో తీసుకుని, రెండు నాళికల మధ్య దూరంతో గుణిస్తే అవి జారిన దూరం వస్తుంది. శైలిక 90 డిగ్రీలు వంగిందనుకుంటే కోణం 1.57. ఎదురెదురు జంటల మధ్య దూరం 0.2 మైక్రాన్లకు కాస్త తక్కువ. గుణిస్తే సుమారు 0.3 మైక్రాన్లు. పక్కపక్క జంటల మధ్య దూరం అందులో మూడో వంతు కాబట్టి, ఒక జంట తన పొరుగుదాని మీద జారేది 0.1 మైక్రాను మాత్రమే. డైనీన్ ఒక్కో అడుగు 8 నానోమీటర్లని తీసుకుంటే, పన్నెండు పదమూడు అడుగులు చాలు. అంత పెద్ద వంపు వెనక ఉన్నది ఇంత చిన్న కదలిక.

1971లో సమ్మర్స్, గిబ్బన్స్ ఈ జారుడును కళ్లారా చూశారు. అర్చిన్ వీర్యకణాల తోకల పైపొర తీసేసి, ట్రిప్సిన్ అనే ఎంజైముతో కాసేపు జీర్ణం చేసి, ఏటీపీ చుక్క వేశారు. ట్రిప్సిన్ లంకెలను, స్పోకులను తెంపుతుంది. చేతులు మాత్రం అప్పటికి మిగిలే ఉంటాయి. ఏటీపీ తగలగానే తోక ముక్కలు వంగలేదు. నాళికలు ఒకదాని మీద ఒకటి జారుతూ జారుతూ విడిపోయి, ముక్క అసలు పొడవుకు కొన్ని రెట్లు సాగిపోయింది.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే గొప్ప ప్రయోగం ఇదే. మోటారుకు తెలిసింది జరపడం ఒక్కటే అని ఇది తేల్చింది. ఆ జారుడును వంపుగా మార్చేవి అడ్డుపడే భాగాలు. నాళికలు అడుగున ఆధార కణికలో పాతుకుని ఉంటాయి, పైన లంకెలు పట్టి ఉంచుతాయి. తప్పించుకునే దారి లేక కట్ట వంగుతుంది. పట్టు తెగితే బలం అలాగే ఉంటుంది, కదలికకు రూపం మాత్రం పోతుంది.

ఇంకో చిక్కు ఉంది. డైనీన్ నాళిక అడుగు వైపే నడుస్తుంది. కాబట్టి ప్రతి చేయీ పొరుగు జంటను కొన వైపే నెడుతుంది. తొమ్మిదీ ఒకేసారి సమానంగా పనిచేస్తే ఒకదాని పని ఇంకోదానితో సరిపోయి, కట్ట బిర్రుగా నిలబడిపోతుంది. ఒక వైపు చేతులు పనిచేస్తూ ఎదురు వైపువి ఆగితే ఒక దిక్కుకు వంపు, ఆ తర్వాత అటూ ఇటూ మారితే రెండో దిక్కుకు వంపు. 2018లో లిన్, నికాస్ట్రో ఈదుతున్న అర్చిన్ వీర్యకణాలను మెరుపువేగంతో గడ్డకట్టించి, ఒక్కో చేయి ఏ స్థితిలో ఉందో చూశారు. డైనీన్లు మామూలుగా పనిచేస్తూనే ఉంటాయని, ఒక వైపువాటిని ఆపడం వల్లే వంపు వస్తుందని వాళ్ల ఫలితం చెప్పింది. ఆ ఆపే సంకేతం మధ్య నాళికల నుంచి స్పోకుల గుండా, లంకెల దగ్గరి నియంత్రణ భాగం గుండా చేతులకు చేరుతుంది. బొమ్మలోని ఆ ‘రెండు’ ఉన్నది ఇందుకు.

ఈ యంత్రం చెడితే ఏమవుతుందో బయటపెట్టినవాడూ అఫ్జేలియస్సే. 1970ల నడుమ ఆయన దగ్గరికి సంతానం లేని కొందరు పురుషుల వీర్యకణాలు పరీక్షకు వచ్చాయి. కణాలు బతికే ఉన్నాయి, కదలడం లేదు. అడ్డుకోతలో 9+2 చక్కగా ఉంది, డైనీన్ చేతులు మాత్రం లేవు. వాళ్లలో చిన్నప్పటి నుంచి దగ్గు, సైనస్ బాధ ఉన్నవాళ్లున్నారు. గుండె కుడివైపు ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ మూడింటినీ ఒకే లోపానికి ముడిపెట్టి 1976లో ఆయన ప్రకటించాడు. ఊపిరితిత్తుల జబ్బు, అవయవాల తారుమారు కలిసి వస్తాయని జ్యూరిక్ వైద్యుడు కార్టజెనర్ 1933లోనే రాశాడు గానీ కారణం అప్పటిదాకా తెలియదు.

గుండెకూ శైలికకూ సంబంధం ఏమిటంటే, పిండం తొలి దశలో ఒక చిన్న గుంటలోని శైలికలు గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమ వైపు పారిస్తాయి. ఎలుక పిండాల్లో జపాన్ పరిశోధకులు 1998లో దీన్ని చూపారు. ఆ ప్రవాహమే కుడి ఎడమలను నిర్ణయిస్తుంది. అది లేకపోతే నిర్ణయం అదృష్టానికి వదిలేసినట్టే. అందుకే చేతులు లేని రోగుల్లో దాదాపు సగం మందికే అవయవాలు తారుమారవుతాయి. ఆ గుంటలోని శైలికల్లో మధ్య రెండు నాళికలూ ఉండవు. కాబట్టి మధ్య జంటలోనో స్పోకుల్లోనో మాత్రమే లోపమున్న రోగుల్లో గుండె తన చోటే ఉంటుంది, దగ్గు మాత్రం ఉంటుంది. వాళ్ల శైలికలు ఆగిపోవు. వంగాల్సిన తీరులో వంగక గుండ్రంగా తిరుగుతాయి, లేదా బిర్రుగా ఊగుతాయి.

అందువల్ల రోగాన్ని పట్టడం అంత సులువు కాదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అంతా సరిగ్గా కనిపించి కూడా శైలిక పనిచేయని రోగులున్నారు. ముక్కులోంచి కుంచెతో గీరి తీసిన కణాలను అతివేగ వీడియోలో చూడటం, ముక్కులోని నైట్రిక్ ఆక్సైడును కొలవడం, జన్యుపరీక్ష చేయడం, వీటన్నిటినీ కలిపి నిర్ధారిస్తారు. ఈ రోగుల్లో ఆ వాయువు చాలామందికి మామూలుకంటే బాగా తక్కువగా ఉంటుంది. లోపాన్ని సరిచేసే మందు ఇంకా వాడుకలోకి రాలేదు. రోజూ కఫం బయటికి తెప్పించే ఫిజియోథెరపీ, ఇన్‌ఫెక్షన్లకు వెంటనే చికిత్స, ఇవే ఊపిరితిత్తులను కాపాడతాయి.

నెలలు నిండి పుట్టిన బిడ్డకు తొలిరోజే ఊపిరి ఆడక ఇబ్బంది పడితే, ఆ తర్వాత ఏడాది పొడవునా ముక్కు కారడం, కఫంతో కూడిన దగ్గు, పదేపదే చెవిపోటు వదలకపోతే, ఎలర్జీ అనుకుని ఊరుకోకండి. శైలికల పరీక్ష అవసరమా అని పిల్లల ఊపిరితిత్తుల వైద్యుడిని అడగండి.