ఈసీజీ కాగితం మీద పొటాషియం జాడ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు కొత్త మాట కాదు. కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల ఊళ్లలో డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అదే నేల కొబ్బరితోటలకూ పనసచెట్లకూ పేరు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. ఒక్క బొండంలోనే అర గ్రాముకు పైగా ఉండొచ్చు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది లెక్కలోది కాదు, తాగిన కాసేపటికి మూత్రంలో పోతుంది. కిడ్నీలు ఆగిపోయినవాళ్లకు మాత్రం మళ్లీ డయాలసిస్ జరిగేదాకా ఒంట్లోనే ఉండిపోతుంది.

ఇలాంటి రోగిని ఒకరిని తీసుకుందాం. ఈ వివరాలు ఉదాహరణ కోసం చెబుతున్నవే అయినా, ఎమర్జెన్సీలో పనిచేసే డాక్టర్లకు ఈ తీరు బాగా తెలిసినదే. ఆయన 50 ఏళ్ల రైతు, మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్. ఇంట్లో పెళ్లి ఉందని శుక్రవారం వెళ్లలేదు. ఎండకు తాళలేక రెండు రోజులూ కొబ్బరి నీళ్లు తాగాడు. సోమవారం పొద్దున మంచం దిగబోతే కాళ్లు లేవలేదు. “తెల్లారినప్పటి నుంచీ కాళ్లు సొమ్మసిల్లిపోతున్నాయంటున్నారండీ, గుండెనొప్పేమీ లేదు” అని ఆయన భార్య నర్సుకు చెప్పింది. నాడి నిమిషానికి 46. రక్తం ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు రావడానికి గంట పట్టొచ్చు. ఈసీజీ మాత్రం రెండు నిమిషాల్లో చేతికొచ్చింది.

ఆ కాగితం చదవాలంటే ముందు మామూలు ఈసీజీ ఎలా ఉంటుందో తెలియాలి. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. కాబట్టి ఒక చిన్న గడి అంటే సెకనులో 25వ వంతు. గుండె పై గదులు ముడుచుకునే ముందు చిన్న గుండ్రటి పి అల వస్తుంది. కింది గదులు ముడుచుకునే ముందు సన్నగా, నిటారుగా క్యూఆర్‌ఎస్ వస్తుంది. దాని వెడల్పు మూడు చిన్న గడుల లోపే ఉండాలి. ఆ తర్వాత కింది గదులు మళ్లీ విశ్రాంతి స్థితికి చేరేటప్పుడు తీరిగ్గా ఎక్కి, కాస్త వేగంగా దిగే టి అల వస్తుంది.

ఈ అలలన్నీ పుట్టేది కణానికి లోపలా బయటా ఉండే విద్యుత్ తేడా వల్ల. ఆ తేడాను నిలబెట్టేది ముఖ్యంగా పొటాషియమే. గుండె కణం లోపల లీటరుకు సుమారు 140 మిల్లీ ఈక్వివలెంట్ల పొటాషియం ఉంటే, బయట రక్తంలో ఉండేది నాలుగు. 3.5 నుంచి 5 దాకా మామూలే. అందువల్ల విశ్రాంతిలో ఉన్న కణం లోపలి వైపు, బయటికంటే దాదాపు 90 మిల్లీవోల్టులు తక్కువలో ఉంటుంది. రక్తంలో పొటాషియం ఎనిమిదికి చేరితే ఆ తేడా 75 దరికి తగ్గుతుంది. చిన్న మార్పులా కనిపించినా కణానికి ఇది చాలా పెద్దది. గుండె కొట్టుకునే ప్రతిసారీ కణాల్లోకి సోడియం ఒక్క ఉదుటున దూసుకురావాలి. తేడా తగ్గేకొద్దీ ఆ సోడియం దారుల్లో చాలావరకు తెరుచుకునే స్థితిలోనే ఉండవు. దాంతో విద్యుత్ సంకేతం ఒక కణం నుంచి మరో కణానికి నెమ్మదిగా పాకుతుంది.

మొదట మారేది టి అల. బయట పొటాషియం పెరిగినప్పుడు, కణం నుంచి పొటాషియం బయటికి పోయే దారులు మరింత చురుగ్గా పనిచేస్తాయి. కింది గదులు త్వరగా, దాదాపు అన్నీ ఒకేసారి విశ్రాంతికి చేరుకుంటాయి. అందుకే టి అల పొడుగై, అడుగు సన్నబడి, రెండు వైపులా సమానమైన వాలుతో గుడారంలా మొన తేలుతుంది. ఛాతీ మీద పెట్టే వీ2, వీ3, వీ4 లీడ్లలో ఇది బాగా కనబడుతుంది. పొటాషియం 5.5 దాటాక ఎప్పుడైనా ఇది మొదలుకావచ్చని పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

6.5 దాటితే పై గదుల వంతు. పి అల చదునవుతుంది, పి నుంచి క్యూఆర్‌ఎస్ దాకా పట్టే సమయం పెరుగుతుంది, చివరికి పి అలే మాయమవుతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పై గదుల కండరం పొటాషియానికి తొందరగా లొంగిపోతుంది గానీ, లయను పుట్టించే సైనస్ నోడ్ అంత తొందరగా లొంగదు. అది సంకేతాలు పంపుతూనే ఉంటుంది, అవి కింది గదులకు చేరుతూనే ఉంటాయి. పై గదుల కండరం స్పందించకపోవడంతో కాగితం మీద పి అల మాత్రం కనబడదు.

ఏడు దాటాక క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది. మూడు గడులు నాలుగవుతాయి, అయిదవుతాయి. ఎనిమిది, తొమ్మిది దగ్గర వెడల్పైన క్యూఆర్‌ఎస్ చివర టి అల మొదలుతో కలిసిపోతుంది. మధ్యలో చదునైన గీతే మిగలదు. పైకి ఒక గుండ్రటి వంపు, కిందికి ఒక గుండ్రటి వంపు, మళ్లీ పైకి, మళ్లీ కిందికి. ఇదే సైన్ వేవ్. దీని తర్వాత మిగిలేది గుండె అదుపు తప్పి కంపించడమో, పూర్తిగా ఆగిపోవడమో. అది నిమిషాల్లోనే జరగొచ్చు.

ఈ వరస ఇంత క్రమంగా కనిపించడానికి ఒక చరిత్ర ఉంది. 1938లో వింక్లర్, హాఫ్, స్మిత్ అనే పరిశోధకులు కుక్కల రక్తనాళంలోకి పొటాషియం క్లోరైడ్ ఎక్కిస్తూ, రక్తంలో దాని మోతాదునూ ఈసీజీనీ పక్కపక్కనే గమనించారు. ప్రయోగశాలలో పొటాషియం ఒక్కటే, ఒక పద్ధతిలో పెరుగుతుంది. మనిషి విషయం అలా కాదు. కిడ్నీ రోగిలో రక్తపు ఆమ్లత్వం, కాల్షియం, సోడియం కూడా తారుమారై ఉంటాయి. పొటాషియం ఎంత ఉందన్నదే కాక, ఎంత వేగంగా పెరిగిందన్నదీ లెక్కలోకి వస్తుంది. ఏళ్ల తరబడి డయాలసిస్‌లో ఉన్నవారిలో ఏడున్నర ఉన్నా ఈసీజీ దాదాపు మామూలుగా ఉండొచ్చు. ఒక్కసారిగా పెరిగినవారిలో అంతకంటే తక్కువకే క్యూఆర్‌ఎస్ వెడల్పు కావచ్చు. టి అల మొన తేలకుండానే నేరుగా సైన్ వేవ్ దాకా వెళ్లినవారూ ఉన్నారు. కాబట్టి ఈసీజీ బాగుందంటే పొటాషియం బాగుందని అర్థం కాదు. ఈసీజీలో మార్పు కనబడితే మాత్రం ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకూడదు.

మన రైతు కాగితంలో పి అలలు లేవు. క్యూఆర్‌ఎస్ నాలుగున్నర గడుల వెడల్పుంది, దాని తోక టి అలలోకి జారిపోతోంది. పూర్తి సైన్ వేవ్ కాలేదు గానీ దాని అంచున ఉంది. ఇలాంటి వెడల్పాటి క్యూఆర్‌ఎస్ చూసి గుండె కింది గదుల నుంచి పుట్టిన ప్రమాదకర లయ అనుకుని లిగ్నొకెయిన్ వంటి మందు ఇస్తే, అసలే మూతపడుతున్న సోడియం దారులు ఇంకా మూసుకుని గుండె ఆగిపోవచ్చు. డయాలసిస్ తప్పిందన్న మాట, నెమ్మదించిన నాడి, లేవని కాళ్లు, కనబడని పి అలలు. ఇవన్నీ కలిపి చూసిన డ్యూటీ డాక్టరు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు తెప్పించి, మానిటర్ చూస్తూ మూడు నిమిషాల్లో నరానికి ఎక్కించారు.

అయిదు నిమిషాల తర్వాత తీసిన రెండో ఈసీజీలో క్యూఆర్‌ఎస్ మూడున్నర గడులకు తగ్గింది. ఇంకా వెడల్పుగానే ఉందని మరో డోసు ఇచ్చారు. మూడో కాగితంలో అది మూడు గడుల లోపుకొచ్చింది, చిన్న పి అలలు మళ్లీ తలెత్తాయి. కాగితం చూస్తే గండం గట్టెక్కినట్టే ఉంటుంది. కానీ అప్పటికి రక్తంలోంచి ఒక్క చుక్క పొటాషియం కూడా తగ్గలేదు. ల్యాబ్ నుంచి వచ్చిన అంకె 8.4. కాల్షియం చేసేదల్లా పొటాషియం దెబ్బ నుంచి గుండె కణాలను కాపాడడం. ఆ రక్షణ అరగంట నుంచి గంట వరకే.

ఆ వ్యవధిలో మిగతా పని జరగాలి. 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌ను 25 గ్రాముల గ్లూకోజ్‌తో కలిపి ఇస్తే, రక్తంలోని పొటాషియం కణాల్లోకి వెళుతుంది. 20, 30 నిమిషాల్లో ఫలితం మొదలై కొన్ని గంటలు ఉంటుంది. కిడ్నీలు పనిచేయనివారి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి షుగర్ పడిపోకుండా గంట గంటకూ చూడాలి. ఆయాసానికి వాడే సాల్బ్యుటమాల్‌ను ఎక్కువ మోతాదులో నెబ్యులైజర్‌తో పట్టించినా పొటాషియం కణాల్లోకి చేరుతుంది. ఈ రెండూ పొటాషియాన్ని దాచేవే, తీసేసేవి కావు. ఒంట్లోంచి దాన్ని బయటికి పంపేది ఆయనకు డయాలసిస్సే. అది అయ్యాక కూడా కణాల్లోంచి పొటాషియం మళ్లీ రక్తంలోకి కొంత వస్తుంది గనుక కొన్ని గంటల తర్వాత మరోసారి పరీక్ష చేయాలి.

టి అల పొడుగ్గా ఉన్నంత మాత్రాన అది పొటాషియమే కానక్కర్లేదు. గుండెపోటు తొలి నిమిషాల్లోనూ టి అల పెరుగుతుంది, కాకపోతే అడుగు వెడల్పుగా, రెండు వాలులూ సమానం కాకుండా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లలోనూ పెద్ద టి అలలు సహజమే. ల్యాబ్ అంకె కూడా ఒక్కోసారి తప్పుదోవ పట్టిస్తుంది. రక్తం తీసేటప్పుడు సిరంజిలో ఎర్ర కణాలు చితికితే వాటిలోని పొటాషియం నమూనాలో కలిసి లేని పెరుగుదల చూపిస్తుంది. పాత ఈసీజీ ఉంటే పక్కన పెట్టి పోల్చడం డాక్టరుకు పెద్ద ఆసరా. అందుకే డయాలసిస్ ఫైలులో బాగున్నప్పటి ఈసీజీ ఒకటి ఉంచుకోవడం మంచిది.

ఈ ముప్పు డయాలసిస్ రోగులకే పరిమితం కాదు. కిడ్నీలు కొంత దెబ్బతిన్నవారు బీపీకి టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి మాత్రలు, వాటితో స్పైరనోలాక్టోన్ వాడుతూ, కీళ్లనొప్పులకు సొంతంగా నొప్పి మాత్రలు వేసుకుంటే పొటాషియం పెరగొచ్చు. తక్కువ సోడియం ఉప్పు అని అమ్మే చాలా ప్యాకెట్లలో సోడియం స్థానంలో కలిపేది పొటాషియం క్లోరైడే. ఇలాంటివారు ఆ ఉప్పు కొనే ముందు డాక్టరును అడగాలి. కాళ్లు చేతులు ఒక్కసారిగా బలహీనపడినా, నాడి నెమ్మదించినా దగ్గర్లో ఈసీజీ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. గుమ్మంలోనే “కిడ్నీ పేషెంటు, ఫలానా రోజు డయాలసిస్ తప్పింది, ఈ మందులు వాడుతున్నారు” అని చెబితే, పేరు రాసుకునే లోపే ఈసీజీ తీయడం మొదలుపెట్టగలరు.