చుక్క తప్పా, చూపు తప్పా?

గూగుల్ మ్యాప్ దారి తప్పిస్తోందని ఎవరైనా అంటే చాలు, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకెలా తిప్పమని పక్కవాళ్లు సలహా ఇస్తారు. కొన్నిసార్లు అది పనిచేస్తుంది, చాలాసార్లు చేయదు. మ్యాప్‌లో కనిపించే నీలిచుక్క వెనుక రెండు వేర్వేరు లెక్కలున్నాయి మరి. మనం ఎక్కడున్నామో చుక్క చెబుతుంది. ఎటు తిరిగి ఉన్నామో దాన్నుంచి టార్చి వెలుగులా పరుచుకునే నీలి కిరణం చెబుతుంది. ఎనిమిది వైద్యం ఈ కిరణానికే, చుక్కకు కాదు.

హైదరాబాద్‌లో అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి, నడక దారి పెట్టుకున్నారనుకోండి. మ్యాప్ ఎడమకు వెళ్లమంటుంది, మీరు వెళితే చుక్క కుడికి జరుగుతుంది. అంటే మీ కదలికను ఫోన్ సరిగ్గానే పట్టుకుంది, తప్పిందల్లా దిక్కు. ఓ ఇరవై అడుగులు వేసి చూస్తే ఈ తేడా తెలిసిపోతుంది.

దిక్కు కోసం ఫోన్‌లో చిన్న అయస్కాంత సెన్సర్ ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రం చాలా బలహీనమైనది. పైన మెట్రో వంతెన ఉక్కు, పక్కన ఆగిన బస్సు, అంతెందుకు, ఫోన్ కవర్‌కున్న అయస్కాంతపు బొత్తామైనా దాన్ని చెదరగొడతాయి. అప్పుడు కిరణం వెడల్పుగా పరుచుకుంటుంది. కాబట్టి ముందు కవర్ తీసి, ఇనుముకు దూరంగా జరిగి, ఆ తర్వాత ఎనిమిది తిప్పండి. ఇనుము పక్కనే నిలబడి తిప్పితే సెన్సర్ ఆ తప్పుకే అలవాటు పడొచ్చు. ఇంకో మార్గం, నీలిచుక్కను నొక్కితే వచ్చే `Calibrate`. చాలా ఫోన్లలో అది కెమెరా తెరుస్తుంది. ఎదురుగా ఉన్న భవనాలను, దుకాణాల బోర్డులను చూపిస్తే వాటిని పోల్చుకుని దిక్కు సరిచేసుకుంటుంది. కిరణం సన్నబడితే పని అయినట్టే. బండి మీద వెళ్తున్నప్పుడు ఈ గొడవ తక్కువ, కదులుతున్న వైపే దిక్కుగా తీసుకోవచ్చు కనుక. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే బాణం గిర్రున తిరుగుతుంది.

ఇక చుక్కే తప్పితే కారణం ఆకాశంలో ఉంటుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితేనే ఫోన్ తన చోటును లెక్కగట్టగలదు. సంకేతం వచ్చేందుకు పట్టిన కాలాన్నిబట్టి దూరం లెక్క వేస్తుంది. సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు మారిపోతుంది. ఎత్తైన భవనాల మధ్య సంకేతం నేరుగా రాక, గోడకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది. ఉపగ్రహం ఉన్నదానికంటే దూరంగా ఉందని ఫోన్ భ్రమపడుతుంది, చుక్క పక్క వీధికి జారుతుంది. ఆరుబయట ఐదు మీటర్లలోపు చూపించే ఫోనే ఇక్కడ అంతగా తప్పుతుంది. దీనికి క్యాలిబ్రేషన్ లేదు. కాస్త ఆకాశం కనిపించే చోటికి నడిచి, ఓ నిమిషం ఆగాలి.

చుక్క చుట్టూ ఉండే లేత నీలి వృత్తాన్ని చూడటం అలవాటు చేసుకోవాలి. ‘ఈ వృత్తంలో ఎక్కడో ఉన్నారు’ అని దాని అర్థం. అదైనా హామీ కాదు, ఆండ్రాయిడ్ ఇచ్చే ఈ అంచనాకు నమ్మకం 68 శాతమే. ఆరుబయట కూడా వృత్తం పేటంత పెద్దగా ఉంటే తప్పు సెట్టింగ్‌లో ఉందని అనుమానించండి. మ్యాప్స్ యాప్‌కు ఇచ్చిన లొకేషన్ అనుమతిలో `Use precise location` ఆపి ఉంటే, ఫోన్‌కు కచ్చితంగా తెలిసినా యాప్‌కు ఉజ్జాయింపే అందుతుంది. ఐఫోన్‌లో దీని పేరు `Precise Location`.

ఆండ్రాయిడ్‌లో `Location services` కింద `Google Location Accuracy` అనే మరో మీట ఉంటుంది. అది వేసి ఉంటే చుట్టుపక్కల వైఫై రౌటర్లు, సెల్ టవర్ల ఆనవాళ్లను కూడా ఫోన్ వాడుకుంటుంది. ఇంట్లో, మాల్‌లో చుక్క నిలబడేది చాలావరకు దీని వల్లే. వేసి ఉంచడమే మంచిది. అయితే దీనికీ ఓ మెలిక ఉంది. విజయవాడ నుంచి హైదరాబాద్‌కు ఇల్లు మారి, పాత రౌటర్‌నే తెచ్చుకున్నవారికి గదిలో కూర్చుంటే చుక్క విజయవాడలో కనిపించవచ్చు. ఆ రౌటర్ చిరునామా గూగుల్ జాబితాలో ఇంకా పాత ఊరిదే. బాల్కనీలోకి రాగానే చుక్క హైదరాబాద్‌కు దూకిందంటే దోషి రౌటరే. అనుమానం తీరకపోతే వైఫైతో పాటు `Wi-Fi scanning` కూడా కాసేపు ఆపి చూడాలి, వైఫై ఒక్కటే ఆపితే ఆ వెతుకులాట ఆగదు. కొత్త ఊళ్లో ఫోన్లు దాన్ని చూస్తూ ఉంటే కొన్నాళ్లకు జాబితా దానంతటదే సరిపడుతుంది. అసలు జాబితాలోనే వద్దనుకునేవారు వైఫై పేరు చివర `_nomap` అని చేరిస్తే గూగుల్ దాన్ని లెక్కలోంచి తప్పిస్తుంది.