గంటకు ఇంతని మాటిచ్చే ముందు

క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకోవడం ఇప్పుడు పెద్ద కంపెనీల వ్యవహారమేమీ కాదు. కోచింగ్ సెంటర్ల యాప్‌లూ, ఆసుపత్రుల అపాయింట్‌మెంట్ల సైట్లూ, కిరాణా డెలివరీలూ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. ఈ వ్యాపారంలో పెద్దదైన అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే డేటా సెంటర్ల సముదాయం తెరిచింది. ఎక్కడి సర్వరైనా నెల తిరిగేసరికి బిల్లు చూసి యజమాని అడిగేది ఒకటే: దీన్ని తగ్గించే దారి లేదా?

ఉంది. కాకపోతే ఆ దారిలో ఒక షరతు ఉంది.

మామూలుగా సర్వర్‌కు వాడినంత సేపే డబ్బు. దీన్ని ఆన్‌ డిమాండ్ అంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకోవచ్చు, వద్దనుకుంటే ఆపేయొచ్చు. ఆ స్వేచ్ఛకు తగ్గట్టే ధర కూడా ఎక్కువ. ఏడాదికో మూడేళ్లకో కట్టుబడతామంటే తగ్గింపు ఇస్తారు. ఆ కట్టుబాటులో రెండు రకాలున్నాయి. 2009లో వచ్చిన రిజర్వ్‌డ్ ఇన్‌స్టెన్స్‌లో ఫలానా ప్రాంతంలో ఫలానా రకం సర్వర్ ఇన్ని అని మాటివ్వాలి. 2019 నవంబరులో వచ్చిన సేవింగ్స్ ప్లాన్‌లో యంత్రం పేరు చెప్పక్కర్లేదు, గంటకు ఇంత ఖర్చు పెడతామని చెబితే చాలు. అందులో కంప్యూట్ రకం తీసుకుంటే రేపు సర్వర్ రకం మార్చినా, ముంబై నుంచి హైదరాబాద్‌కు మారినా తగ్గింపు వెంటే వస్తుంది. ఒకే కుటుంబానికి చెందిన సర్వర్లకు కట్టుబడితే తగ్గింపు గరిష్ఠంగా 72 శాతం దాకా, కంప్యూట్ రకంలో 66 శాతం దాకా ఉంటుందని ఆ కంపెనీ ప్రకటన. ఏడాది ఒప్పందానికి, ముందుగా డబ్బేమీ కట్టకుండా తీసుకుంటే అంత రాదు.

షరతు మాత్రం మెస్ కార్డు లాంటిది. పూటకు ఇంతని కట్టేశాక మధ్యాహ్నం తినకపోతే ఆ భోజనం రాత్రికి కలవదు. సేవింగ్స్ ప్లాన్‌లో ‘పూట’ అంటే గంట. తెల్లవారుజామున మూడింటికి వాడని డబ్బు సాయంత్రం ఏడింటికి అక్కరకు రాదు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. ప్రవేశ పరీక్షలకు ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే చిన్న సంస్థ ఒకటి విజయవాడలో ఉందనుకోండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 4 సర్వర్లు సరిపోతాయి. పగలు 6 కావాలి. పిల్లలంతా పరీక్షకు కూర్చునే సాయంత్రం ఆరు నుంచి పది మధ్య 12 కావాలి. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక్కో సర్వర్‌కు ఆన్‌ డిమాండ్ ధర గంటకు 10 రూపాయలు, కట్టుబడితే 7 రూపాయలు అనుకుందాం. అంతా ఆన్‌ డిమాండ్‌లోనే నడిపితే రోజుకు 1,520 రూపాయలవుతుంది.

తగ్గింపు ఉంది కదా అని 12 సర్వర్లకూ కట్టుబడితే రోజుకు 2,016 రూపాయలు, అంటే అసలు కంటే ఎక్కువ. ఇంత పచ్చి తప్పు ఎవరూ చేయరనుకోండి. జరిగే తప్పు 5, 6 సర్వర్ల దగ్గర ఉంది. అవి రోజులో 16 గంటలు నడుస్తాయి. మూడింట రెండు వంతుల సమయం వాడుతున్నాం కదా, కట్టుబడితే లాభమేగా అనిపిస్తుంది. ఒక్కదానికి లెక్క కట్టండి. కట్టుబడితే 24 గంటలకు 168 రూపాయలు. కట్టుబడకపోతే 16 గంటలకు 160. ఎనిమిది రూపాయలు నష్టం! తగ్గింపు 30 శాతమైతే ఆ సర్వర్ 70 శాతం కంటే ఎక్కువ సమయం నడిస్తేనే కట్టుబాటు గిట్టుతుంది. అందుకే మొత్తం వాడకాన్ని ఒకే ముద్దగా చూడకూడదు. మొదటి సర్వర్, రెండోది, మూడోది అని ఒక్కో పొరా రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందో చూడాలి. ఇక్కడ కొనాల్సింది 4 సర్వర్లకే. అప్పుడు రోజు ఖర్చు 1,232 రూపాయలు.

ఆ నాలుగింటికి గంటకు ఎంతని మాటివ్వాలి? చాలామంది ఇక్కడ పొరపడతారు. బిల్లులో నాలుగు సర్వర్లకు గంటకు 40 రూపాయలు కనిపిస్తుంది కాబట్టి 40 అని వేసేస్తారు. కానీ కట్టుబాటును తగ్గించిన ధరలో కొలుస్తారు. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది, అంటే వేయాల్సింది 28. 40 వేస్తే రాత్రి ఎనిమిది గంటలూ గంటకు 12 రూపాయలు ఉత్తినే పోతాయి.

ఇంతవరకూ రోజు తీరు మారదనుకుని చెప్పాం. అసలు చిక్కు అది మారడంలోనే ఉంది. పరీక్షలు అయ్యాక విద్యార్థులు తగ్గుతారు. ఇంజినీర్లు ప్రోగ్రామును సరిచేసి నాలుగు సర్వర్ల పని మూడింటితో చేయిస్తారు. పెట్టుబడి రాక యాప్ మూతపడొచ్చు కూడా. ఏడాది ఒప్పందంలో 30 శాతం తగ్గింపంటే ఆ సర్వర్‌తో ఎనిమిది నెలల పన్నెండు రోజులు పనుంటేనే పెట్టినది తిరిగొచ్చినట్టు. మూడేళ్లకు సగం ధర అని ఊరిస్తే, ఏడాదిన్నర దాకా అవే అవసరాలు ఉంటాయా అని అడగాలి. కొత్త వ్యాపారంలో ఆ ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలిగేవాళ్లు తక్కువ.

రెండు తప్పుల బరువూ ఒకటి కాదన్నది నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. ఒక సర్వర్‌కు తక్కువ కట్టుబడితే గంటకు 3 రూపాయల తగ్గింపు పోతుంది. ఎక్కువ కట్టుబడి వాడకపోతే గంటకు 7 రూపాయలు పోతాయి. పైగా తక్కువైతే రేపు ఇంకొంత కొనుక్కోవచ్చు. ఎక్కువైతే ఏడాది గడిచేదాకా తగ్గించుకునే వీల్లేదు. కాబట్టి అనుమానమున్న చోట తక్కువ వైపే మొగ్గాలి. 28 రూపాయలూ ఒకేసారి కొనకుండా ఇప్పుడు 14, మూడు నెలలయ్యాక వాడకం చూసి 7, ఆపైన ఇంకో 7 అని కొంటే గడువులు కూడా విడివిడిగా తీరతాయి. పని తగ్గితే తీరినదాన్ని మళ్లీ కొనకుండా ఊరుకోవచ్చు. మధ్యలో కొంత తగ్గింపు పోతుంది, ఆ మాట నిజమే. అది అనిశ్చితికి కట్టే రుసుం అనుకోవాలి.

అమెజాన్ తెర మీదే ఎంత కొనాలో సూచన కనిపిస్తుంది. అది గత 7, 30 లేదా 60 రోజుల వాడకం చూసి చెప్పేదే. మాక్ టెస్టుల సంస్థ ఏప్రిల్‌లో ఆ సూచన తెరిస్తే పరీక్షల రద్దీనే ఏడాది మామూలుగా లెక్కగడుతుంది. కొన్నాక చూడాల్సినవి రెండు: కొన్నదాంట్లో ఎంత వాడాం, మొత్తం వాడకంలో ఎంతకు తగ్గింపు దొరికింది. మొదటిది నూటికి నూరు ఉండి రెండోది తక్కువగా ఉంటే ఇంకా కొనే వీలుందేమో చూడొచ్చు. మొదటిది 85కు దిగితే సగటున లాభమే అయినా, చివర కొన్న పొర నష్టంలో ఉండి ఉంటుంది.

మరి రిజర్వ్‌డ్ పాతబడిపోయిందా? డేటాబేస్‌లకు అది ఇప్పటికీ పనికొస్తుంది. సర్వర్ల విషయంలోనూ దానికి రెండు గుణాలున్నాయి. ఒక నిర్దిష్ట జోన్‌కు కొంటే అక్కడ మీ సర్వర్‌కు చోటు ఖాయం. సేవింగ్స్ ప్లాన్ ధరకే హామీ, చోటుకు కాదు. స్టాండర్డ్ రకమైతే మిగిలిన గడువును వేరేవాళ్లకు అమ్మేందుకు సంత కూడా ఉంది. కాకపోతే అమ్మేవారికి అమెరికా బ్యాంకు ఖాతా ఉండాలి కనుక మన చిన్న సంస్థలకు అది పెద్దగా అక్కరకు రాదు.

సేవింగ్స్ ప్లాన్‌ను అమ్ముకోలేం. గంటకు 100 డాలర్లు మించనిదైతే కొన్న ఏడు రోజుల్లోపు వాపసు ఇవ్వొచ్చు, అదీ కొన్న నెల దాటకముందే. 30వ తారీఖున కొన్నవాళ్లకు ఆ ఏడు రోజులు దొరకవు. కొనదలిస్తే నెల మొదటి వారంలో కొనండి.